సోమవారం గ్రాఫు

సైటులో అందరూ అతణ్ణి పైనాయన అనేవారు. అసలు పేరు హాజరు పట్టీలో ఉండేది. హాజరు వేసే గుమాస్తాకు తప్ప ఆ పేరుతో ఎవరికీ పని పడలేదు. అరవై రెండు మీటర్ల ఎత్తున, టవర్ క్రేను మెడ పక్కన వేలాడే అద్దాల గదిలో పదిహేడేళ్లు కూర్చున్న మనిషికి అంతకంటే సరైన పేరు దొరకదు. సైటు మారేది, క్రేను మారేది, మేస్త్రీలు మారేవారు. పైనాయన మాత్రం పైనే ఉండేవాడు.

అతనికి కింద ఒక జత ఉండేవాడు. చేతిలో వాకీటాకీ, తల మీద పసుపుపచ్చ టోపీ, ఎప్పుడూ పైకెత్తి ఉండే మెడ. బరువు ఎక్కడ కట్టారో, ఎటు తిప్పాలో, ఎంత దించాలో క్రేను నడిపేవాడికి చెప్పే సిగ్నల్ మనిషి. అతను కిందాయన. వయసులో పైనాయన కంటే మూడేళ్లు పెద్ద. పన్నెండేళ్లుగా ఇద్దరూ ఒకే జత. కంపెనీ ఏ సైటుకు పంపినా ఇద్దరినీ కలిపే పంపేది, విడదీస్తే పని నెమ్మదిస్తుందని మేనేజరుకు తెలుసు. విచిత్రమేమిటంటే ఇన్నేళ్లలో ఇద్దరూ ఎదురెదురుగా కూర్చుని మాట్లాడుకున్నది తక్కువ. వాళ్ల స్నేహమంతా వాకీటాకీలోనే నడిచింది.

“ఎక్కుతున్నా అన్నా” అనేవాడు పైనాయన, పొద్దున్నే నిచ్చెన మొదటి మెట్టు మీద కాలు పెట్టి.

“ఎక్కు. పైన మబ్బులుంటే పక్కకు జరపు, ఇక్కడ బట్టలు ఆరేశారు.”

కొంతసేపటికి, “కూర్చున్నా.”

“కూర్చున్నావు సరే, పనిచేస్తావా, నిద్రపోతావా?”

“నువ్వు జోలపాట ఆపితే పనిచేస్తా.”

ఆ రెండు మాటల మధ్య, ‘ఎక్కుతున్నా’కూ ‘కూర్చున్నా’కూ మధ్య, పదకొండు నిమిషాలు పట్టేది. ఈ లెక్క కిందాయన తన చేతి గడియారంలో చూసుకునేవాడు. ఎందుకని అడిగితే ఏం చెప్పగలడు? పొద్దున్నే మనిషికి ఏదో ఒకటి చూసుకోవాలి. ఆ అలవాటు మీదే తర్వాత కథంతా నడిచింది.

పైనాయన తండ్రి నేల మీద టైల్స్ పరిచేవాడు. జీవితమంతా మోకాళ్ల మీద గడిపాడు. కొడుకు పదహారో ఏట క్రేనుకు గ్రీజు పెట్టే పనిలో చేరి, మొదటిసారి పైకెక్కి చూసిన రోజున ఇంటికొచ్చి ఒకే మాట అన్నాడట: “నాన్నా, పైనుంచి చూస్తే ఎవడూ ఎవడి మీదా అరుస్తున్నట్టు ఉండదు.” తర్వాత అతను చదువుకున్నదీ, పరీక్ష రాసి లైసెన్సు తెచ్చుకున్నదీ ఆ గది కోసమే. అందులో ఒక కుర్చీ, కుర్చీకి అటొకటి ఇటొకటి క్రేనును నడిపే రెండు లివర్లు, కాళ్ల కింద కూడా అద్దం. మధ్యాహ్నం భోజనం డబ్బా అక్కడే విప్పేవాడు. వేసవిలో అద్దానికి తడిగుడ్డ కట్టుకునేవాడు. ఇంట్లో పాతబడిన దిండుకు భార్య కొత్త గలేబు కుట్టిస్తే దాన్ని కుర్చీలో వేసుకున్నాడు. సైటు మారినప్పుడల్లా ఆ దిండును చంకన పెట్టుకుని దిగేవాడు.

ఇక తాగుడు సంగతి. అతను రోజూ తాగేవాళ్లలో ఒకడిగా తనను ఎప్పుడూ లెక్క వేసుకోలేదు. సోమవారం నుంచి శుక్రవారం దాకా చుక్క ముట్టేవాడు కాదు. శనివారం మధ్యాహ్నం పని ఆగుతుంది. దిగే ముందు క్రేను నడిపేవాడు తప్పక చేయాల్సిన పని ఒకటుంది, క్రేనును తిరగకుండా పట్టి ఉంచే బ్రేకును వదిలేయాలి. గాలి ఎటు వీస్తే క్రేను చెయ్యి అటు తిరగాలి. బ్రేకు బిగించి వదిలేస్తే పెద్ద గాలికి ఎదురు నిలబడి మొత్తం కూలుతుంది. పైనాయన దీన్ని తన జీవిత సిద్ధాంతంగా చేసుకున్నాడు.

“ఐదున్నర రోజులు బ్రేకు మీదే ఉంటాను” అనేవాడు భార్యతో. “ఒకటిన్నర రోజు వదలకపోతే నేనూ కూలిపోతాను.”

భార్య రెడీమేడ్ బట్టల ఫ్యాక్టరీలో ఒక లైనుకు సూపర్‌వైజరు. ముప్పై రెండు మిషన్లు, ముప్పై రెండు మంది ఆడవాళ్ల మీద అజమాయిషీ. “మా మిషన్లకూ ఆదివారం సెలవే” అనేదామె. “అవేమీ సీసాలు దించవు.”

శనివారం మూడింటికి మొదలైతే ఆదివారం మధ్యాహ్నం దాకా. ఫిట్టర్లు, వెల్డర్లు, కాంక్రీటు పోసేవాళ్లు, అంతా ఒకే గుంపు. ఎవడెంత తాగాడన్నది ఎవడూ చూడడు. ఎవడు ముందు పడిపోయాడన్నది మాత్రం వారమంతా చెప్పుకుంటారు. పైనాయన ఎప్పుడూ ముందు పడలేదు. అది అతని గొప్ప. ఆదివారం సాయంత్రానికి ఛాతీలో ఏదో గిలగిలా కొట్టుకునేది, గుప్పిట్లో పట్టుకున్న పిట్టలా. మంచినీళ్లు తాగి గోడకు ఆనుకుని కూర్చునేవాడు. మంగళవారానికి సర్దుకునేది. కాఫీ ఎక్కువైందనుకునేవాడు.

ఆ సైట్ల మనుషులు మాత్రమే చేయగలిగిన పొరపాటు ఇక్కడుంది. గేటు దగ్గర ప్రతి ఉదయం ఒక చిన్న యంత్రంలోకి ఊదాలి. నోట్లో మద్యం ఉంటే అంకె చూపిస్తుంది. సోమవారం పైనాయన ఊదితే సున్నా. పదిహేడేళ్లలో ఒక్కసారి కూడా సున్నా తప్ప ఇంకోటి రాలేదు. ఆ సున్నాను అతను ఆరోగ్య పత్రంలా చూసుకున్నాడు. ఊపిరిలోంచి పోయిందంటే ఒంట్లోంచి పోయినట్టే, ఒంట్లోంచి పోయిందంటే పని పూర్తయినట్టే. గేటు కాపలావాడూ అలాగే అనుకున్నాడు, మేనేజరూ అలాగే అనుకున్నాడు. ఏడాదికోసారి కంపెనీ చేయించే వైద్య పరీక్ష గురువారాల్లో ఉండేది. గురువారానికి గుండె దారిన పడి ఉండేది. గ్రాఫు తీస్తే గీతలన్నీ బడిపిల్లల్లా వరసలో నిలబడేవి.

నలభై ఐదు దాటాక ‘చుక్క ముట్టని’ రోజులు తగ్గాయి. నిద్ర పట్టడం లేదని బుధవారం రెండు పెగ్గులు. బుధవారం పట్టింది కదా అని సోమవారమూ. నాలుగేళ్లు తిరిగేసరికి సాయంత్రం తాగనిది ఏ రోజో అతనే తడుముకోవాల్సి వచ్చింది. గేటు యంత్రం మాత్రం పొద్దున్నే సున్నా చూపించేది.

కింద గడియారం వేరే అంకెలు చూపించింది. పదకొండు నిమిషాలు పదమూడయ్యాయి. పదమూడు పదహారయ్యాయి. నిచ్చెన మధ్యలో ఆగడానికి ఇనుప అరుగులుంటాయి. ఒకప్పుడు పైనాయన వాటిని దాటుకుంటూ పోయేవాడు, ఇప్పుడు ప్రతి అరుగు మీదా ఆగుతున్నాడు. సాయంత్రం దిగాక బూట్ల తాళ్లు వదులు చేసుకుంటున్నాడు, పాదాలు ఉబ్బి. ఒక రోజు పంతొమ్మిది నిమిషాలు పట్టింది.

“పైన సంత జరుగుతోందా, దారిలో ఆగి బేరాలాడుతున్నావు” అన్నాడు కిందాయన.

“వయసన్నా.”

“నాకంటే చిన్నవాడివి.”

“నువ్వు ఎక్కేవాడివైతే తెలిసేది.”

అంతటితో ఆగిపోయింది. అప్పుడు ఇంకో మాట అనాల్సింది. కిందాయన అనలేదు.

ఒక సోమవారం, పొద్దున పదిన్నర. కడ్డీల కట్ట ఒకటి, టన్నున్నర బరువు, పన్నెండో అంతస్తుకు వెళ్లాలి. కట్ట లేచింది. ఎనిమిదో అంతస్తు ఎత్తులో ఉండగా ఆగిపోయింది.

“ఏమైంది?” అన్నాడు కిందాయన.

కిందాయన మళ్లీ మీట నొక్కాడు.

“తమ్ముడూ, వినబడుతోందా?”

“అన్నా, కింద అందరినీ జరుపు.” గొంతు చాలా దూరం నుంచి వచ్చినట్టుంది. “కళ్లముందు బూడిద రంగు కమ్మింది.”

గుండె తన్నుకుంటోంది. అయితే పరుగెత్తినప్పుడు కొట్టుకున్నట్టు కాదు. నాలుగు దెబ్బలు దడదడా, ఒకటి మాయం, మళ్లీ మూడు, మళ్లీ ఎప్పుడో ఒకటి. చెమటకు చొక్కా వీపుకు అంటుకుంది. చేతులు లివర్ల మీంచి తీసేశాడు. తీస్తే యంత్రం దానంతటదే ఆగిపోతుంది. అది మొదటి రోజు నేర్పే పాఠం, పదిహేడేళ్లకు పనికొచ్చింది. కట్ట గాలిలో మెల్లగా ఊగుతోంది. దాని కింద, ఎప్పుడూ నిలబడే చోటే, పసుపుపచ్చ టోపీ కనిపిస్తోంది.

“నువ్వూ జరుగు” అన్నాడు పైనాయన.

“నేను జరిగితే నీకెవడు చెబుతాడు?”

“జరిగి చెప్పు.”

కిందాయన ముప్పై అడుగులు వెనక్కి నడిచాడు. నిమిషాలు గడిచాయి. తల వెనక్కి వాల్చి కూర్చున్నాక చూపు తేటపడింది. అప్పుడు పైనాయన ఎటూ తిప్పకుండా, ఉన్న చోట నుంచి నిట్టనిలువుగా, కట్టను నేలకు దించాడు. “ఇంకా రెండు మీటర్లు, ఒకటి, ఆపు” అంటూ కిందాయన లెక్క చెబుతూ వచ్చాడు. కట్ట నేలను తాకాక ఇద్దరు ఫిట్టర్లు తాళ్లతో పైకెక్కి, నడుముకు పట్టీలు కట్టి, అరుగు అరుగునా ఆపుతూ అతణ్ణి దించారు. కిందకు రావడానికి నలభై నిమిషాలు పట్టింది. వస్తూ దిండు తెచ్చుకోవడం మరిచిపోయాడు.

ఆసుపత్రిలో గుండె డాక్టరు నడివయసు మనిషి, తక్కువ మాటలావిడ. పైనాయన గుండె నిమిషానికి నూటయాభై పైచిలుకు కొట్టుకుంటోంది, అదీ అడ్డదిడ్డంగా. గ్రాఫు కాగితం చూస్తూనే, “శని, ఆదివారాల్లో ఎంత తాగారు?” అని అడిగింది.

“ఆదివారం మధ్యాహ్నమే ఆపేశానండీ. పొద్దున గేటు దగ్గర సున్నా వచ్చింది.”

“ఊపిరిలో సున్నా. గుండె గేటు దగ్గర ఊదదు కదా.” ఆమె కాగితం అతని వైపు తిప్పింది. “సెలవు రోజున అతిగా తాగినవాళ్లు మర్నాడో, ఆ మర్నాడో ఇలా రావడం మాకు మామూలే. దీన్ని సెలవుల గుండె అని కూడా అంటారు. గుండెకు పై గదులు రెండు, కింది గదులు రెండు. పై గదులు ఒక్కసారిగా ముడుచుకుని రక్తాన్ని కిందికి పంపాలి. మద్యమూ, ఒంట్లో అది విరిగి తయారయ్యే విషమూ ఆ గదుల కరెంటును చెదరగొడతాయి. ఒంట్లో ఉండాల్సిన లవణాలు మూత్రంలో పోతాయి, నిద్ర ఉండదు, నరాలు రెచ్చిపోయి ఉంటాయి. అన్నీ కలిసి, పై గదులు ముడుచుకోవడం మాని ఊరికే వణుకుతాయి.”

మర్నాడు మధ్యాహ్నానికి, సెలైన్‌లో ఎక్కించిన మందుతో వేగం తగ్గాక, గుండె దానంతటదే దారిలో పడింది. పైనాయన లేచి కూర్చున్నాడు.

“చూశారా మేడమ్, సర్దుకుంది. ఎప్పుడూ అంతే.”

“ఎప్పుడూ అంటే ఎన్నిసార్లు?”

అతను వేళ్లు మడవడం మొదలుపెట్టి, మధ్యలో మానేశాడు. ఆమె కుర్చీ లాక్కుని కూర్చుంది.

“ఈసారి సర్దుకుంది. ఇలాగే ఆడిస్తుంటే ఒక రోజు అది ఆ వణుకులోనే ఉండిపోతుంది. వణికే గదిలో రక్తం కదలక నిలవుంటుంది, గడ్డ కడుతుంది. ఆ గడ్డ మెదడుకు చేరితే పక్షవాతం. అందుకే రక్తం పలచబడే మాత్ర రాస్తున్నాను. ఇది ఒక ఎత్తు. రెండోది ఇంతకంటే పాతది.”

రెండోది స్కానింగులో కనబడింది. గుండె సాగి పెద్దదైంది. మామూలు మనిషి గుండె కొట్టిన ప్రతిసారీ తనలోని రక్తంలో సగానికి పైగా బయటికి తోస్తుంది. పైనాయనది ముప్పై శాతం తోస్తోంది. రక్తనాళాల్లో అడ్డులేమీ లేవు, బీపీ లేదు, షుగరు లేదు. ఏళ్ల తరబడి తాగిన తాగుడు తప్ప ఇంకో కారణం దొరకలేదు.

పక్కన నిలబడి వింటున్న భార్య అడిగింది. “అంటే నడుము పట్టీలో ఎలాస్టిక్ సాగిపోయినట్టా?”

“సరిగ్గా అంతే” అంది డాక్టరు. “కండ కణాలు మద్యానికి దెబ్బతిని చచ్చుపడ్డాయి. మిగిలినవి బలం చాలక సాగుతున్నాయి. నిచ్చెన మీద ఆయాసం, పాదాల వాపు దానివల్లే.”

“మా దగ్గర సాగిన ఎలాస్టిక్ పీకి పారేస్తాం.”

“ఇక్కడ అలా కుదరదమ్మా. కానీ గుండెకు ఒక మంచి గుణముంది. తాగుడు పూర్తిగా మానేసి, మాత్రలు వేసుకుంటే చాలామందికి చాలావరకు తిరిగి బిగుస్తుంది. అందరికీ కాదు. తగ్గించడం కాదు, మానేయడం.”

పైనాయన అడిగింది ఒక్కటే. “పైకి ఎప్పుడు ఎక్కొచ్చు?”

బ్రేకు వదలడం గురించి తన సిద్ధాంతం కూడా ఆమెకు చెప్పాడు. ఆమె నవ్వలేదు. “మీ క్రేను ఎంత గాలికి తట్టుకుంటుందో తయారుచేసినవాళ్లు రాసిస్తారు కదా? గుండెకు అలా ఎవరూ రాసివ్వరు” అంది. తర్వాత షరతు చెప్పింది: తొమ్మిది నెలలు చుక్క ముట్టకూడదు, ఈ వణుకు మళ్లీ రాకూడదు, పంపింగు యాభై దాటాలి. అప్పుడు చివరి పరీక్ష చేసి, ఎక్కొచ్చని కంపెనీకి రాస్తుంది.

తొమ్మిది నెలలు పైనాయన కింద గడిపాడు. సామాను లెక్క చూసే పని ఇచ్చారు. పై గదిలోకి వేరే సైటు నుంచి ఒకతన్ని తెచ్చారు, అతన్ని అందరూ కొత్తాయన అన్నారు. కొత్తాయన మంచి పనివాడు. ఆ సంగతి పైనాయనను ఎక్కువ బాధపెట్టింది. చెడ్డవాడైతే తిట్టుకోవడానికైనా ఉండేది. బరువు లేచినప్పుడల్లా పైనాయన కుడి మణికట్టు తెలియకుండానే కదిలేది. అద్దాల గది మీద ఎండ పడే సమయం అతనికి తెలుసు, పదకొండూ ఇరవై. ఆ సమయానికి చేతిలో పని ఆపి తల ఎత్తేవాడు. నేల మీద అందరూ అరుస్తున్నారు. ఎవరు ఎవరి మీద అరుస్తున్నారో అంతా వినబడుతోంది.

“నా దిండు ఉందా అక్కడ?” అని ఒకసారి కిందాయన చేత వాకీటాకీలో అడిగించాడు.

“ఉంది. నేనే కూర్చుంటున్నా” అన్నాడు కొత్తాయన. “పంపమంటారా?”

“వద్దులే. అక్కడే ఉండనీ” అన్నాడు పైనాయన.

ఇంట్లో వేరే మార్పు వచ్చింది. ఆదివారం మధ్యాహ్నాలు మంచం ఖాళీగా ఉండడం లేదు. పెళ్లయిన కొత్తలో భార్య అతని వీపుకు చెవి ఆనించి పడుకునేది. ఫ్యాక్టరీ చప్పుడంతా చెవుల్లో మోగుతుంటే ఆ ఒక్క చప్పుడు వింటే నిద్ర పట్టేదట. మధ్యలో ఎన్నేళ్లో ఆ అలవాటు పోయింది. ఇప్పుడు మళ్లీ చెవి ఆనించింది.

“లైను బాగా నడుస్తోందా సూపర్‌వైజరు గారూ?” అనేవాడు.

“నడుస్తోంది. ఓవర్‌టైం అడక్కపోతే చాలు.”

నాలుగో నెలలో స్కానింగు నలభై ఒకటి చూపించింది. ఎనిమిదో నెలలో యాభై రెండు. డాక్టరు మొదటిసారి నవ్వింది. చివరి పరీక్షకు రోజు రాసిచ్చింది. ఆసుపత్రిలో ఆ పరీక్షలు చేసే రోజు వారానికి ఒకటే. గురువారం.

ఆ గురువారానికి ముందు శనివారం భవనం చివరి కప్పు పోశారు. చివరి తొట్టి కాంక్రీటు పైకి చేరాక పనివాళ్లంతా ఆ కప్పు కిందే కూర్చుంటారు. మొదటి గ్లాసు క్రేను నడిపినవాడిది. అది వాళ్లలో రాయని చట్టం, తిరస్కరిస్తే భవనానికి మంచిది కాదంటారు. కొత్తాయన గ్లాసు తీసుకుని నేరుగా పైనాయన దగ్గరకు వచ్చాడు.

“పునాది నుంచి పదకొండు అంతస్తులు మీరు లేపారు. ఇది మీది గురూ.”

నలభై మంది చప్పట్లు కొట్టారు. తొమ్మిది నెలల్లో అతణ్ణి ఎవరూ అలా చూడలేదు, తల ఎత్తి. అతను మొదట వద్దన్నాడు. “ఒక్కటే గురూ, పెదవికి తగిలించు” అన్నాడొక వెల్డరు. తగిలించాడు. రెండోది ఎవరు పోశారో తెలుసు. నాలుగోది ఎవరు పోశారో తెలియదు. తాగిన రోజు మాత్రలు వేసుకోకూడదని ఎవరో అంటే, ఆ రాత్రీ, మర్నాడూ మాత్రలు మానేశాడు.

ఆదివారం సాయంత్రం గుప్పిట్లో పిట్ట మళ్లీ కదిలింది.

భార్య వచ్చి వీపుకు చెవి ఆనించింది. చాలాసేపు విన్నది.

“దారం తెగింది” అంది. “పదండి ఆసుపత్రికి.”

“మంగళవారానికి సర్దుకుంటుంది. నాకు తెలుసు దీని సంగతి.”

“గురువారానికి బాగుంటుంది, అంతేగా మీ లెక్క?”

ఆమె లేచి మాత్రలు, నీళ్లు తెచ్చి ఎదురుగా పెట్టింది. “నేను చెవితో విన్నది ఆ డాక్టరమ్మ యంత్రంలో వినకపోతే, పైకి ఎక్కేది మీరు కాదు. ఆ గురువారం కాగితం ఎక్కుతుంది” అంది. తర్వాత అటు తిరిగి పడుకుంది.

అతను గోడకు ఆనుకుని కూర్చున్నాడు. గురువారం గ్రాఫు ఎలా ఉంటుందో కళ్లముందు కనబడుతోంది, వరసలో నిలబడిన గీతలు. శుక్రవారం నిచ్చెన. పదకొండు నిమిషాలు. ఈ సైటులో క్రేనుకు ఇంకా మూడు వారాల పనుంది. ఆ మూడు వారాలు అతనివి.

సోమవారం గేటు యంత్రంలో ఊదాడు. సున్నా.

కిందాయన అతని ముఖం చూసి పక్కకు తీసుకెళ్లాడు. ఇసుక కుప్ప మీద కూర్చున్నారు.

“మొదలైందా?”

“నిన్న సాయంత్రం.”

“గురువారానికి పోతుందా?”

“పోతుంది.”

కిందాయన చేతి గడియారం తిప్పుకుంటూ అన్నాడు. “నేను నీ నిమిషాలు చూసేవాణ్ణి. ఎక్కుతున్నా అన్నప్పటి నుంచి కూర్చున్నా అనేదాకా. పదకొండు నుంచి పంతొమ్మిది దాకా అన్నీ తెలుసు. ఎవరికీ చెప్పలేదు.”

“ఎందుకు?”

“చెబితే నిన్ను దించేస్తారు. నా చెవిలోకి కొత్త గొంతు వస్తుంది. వద్దనిపించింది.” గడియారం తిప్పడం ఆపాడు. “ఆ కట్ట నా నెత్తిమీద ఊగినప్పుడు ఆ నిమిషాలన్నీ గుర్తొచ్చాయి. తప్పు నీ ఒక్కడిదే కాదులే. నువ్వు మళ్లీ ఎక్కితే ఎక్కు. నేను మాత్రం అక్కడే నిలబడతాను, కింద. నాకు వేరే చోటు లేదు.”

మాటలో కోపం లేదు, బతిమాలడమూ లేదు. పైనాయన తల ఎత్తి అద్దాల గదిని చూశాడు. దాని కింద, నేల మీద, బూట్లతో నలిగి గట్టిపడిన చిన్న గుండ్రటి చోటు ఒకటుంది. రోజూ కిందాయన నిలబడే చోటు. పై నుంచి అది కనబడదు, టోపీ కప్పేస్తుంది.

అతను లేచి ఆసుపత్రికి నడిచాడు. ఆటో దొరకలేదని కాదు, మెల్లగా నడిస్తే మనసు మారుతుందేమో చూద్దామనుకున్నాడు. మూడుసార్లు ఆగి ఊపిరి తీసుకున్నాడు. మనసు మారలేదు.

“గురువారం రమ్మన్నాను కదా” అంది డాక్టరు.

“గురువారం ఇది ఉండదు మేడమ్. ఈ రోజే గ్రాఫు తీయండి.”

కాగితం యంత్రంలోంచి బయటికొచ్చింది. గీతలు ఒకదానికొకటి సంబంధం లేకుండా, సంత నుంచి ఇళ్లకు పోతున్న జనంలా ఉన్నాయి. ఆమె మొత్తం చూసి, నిన్న సాయంత్రమే ఎందుకు రాలేదని తిట్టింది. మాత్రలు మానేసినందుకు ఇంకా గట్టిగా తిట్టింది. “తాగినందుకు ఒక తప్పు, వణుకుతున్న గుండెకు పలచబరిచే మాత్ర లేకుండా చేసినందుకు రెండో తప్పు. గడ్డ కట్టేది ఇలాంటప్పుడే.” మంచం ఇచ్చి, తీగలు అంటించి, రెండు రోజులు ఉంచుకుంది. బుధవారం పొద్దున గీతలు వరసకు వచ్చాయి. స్కానింగులో పంపింగు నలభై ఆరు.

“మళ్లీ తొమ్మిది నెలలు” అంది. “మొదటి నుంచి.”

“ఈసారీ బిగుస్తుందా?”

“బిగుసుకుంటుందనే నా నమ్మకం. రాసివ్వలేను.” పెన్ను మూత పెట్టి, “మీరు చూపించకపోతే నేను గురువారం సంతకం పెట్టేదాన్ని” అంది. అది మెచ్చుకోవడమో కాదో అతనికి అర్థం కాలేదు.

మూడు వారాల తర్వాత క్రేను విప్పారు. దానికంటే పెద్ద చక్రాల క్రేనొకటి వచ్చి నిలబడి, ముక్క ముక్కగా దించింది. వెనకవైపు కాంక్రీటు బరువులు దిగాయి, పొడవాటి చెయ్యి దిగింది. కిందాయన సిగ్నల్ ఇస్తుంటే పక్కన పైనాయన, రెండో వాకీటాకీతో, కట్లు సరిచూస్తూ నిలబడ్డాడు. మధ్యాహ్నం దాటాక అద్దాల గది దిగింది. లారీ మీద పెట్టి, బిగించడానికి తాళ్ల కోసం వెళ్లారు. గది లారీ మీద ఒంటరిగా ఉంది, తలుపు తెరుచుకుని.

“ఎక్కు” అన్నాడు కిందాయన. “తాళ్లు రావడానికి కాస్త టైముంది.”

లారీ అంచు పట్టుకుని ఎక్కాడు. మూడు మెట్లు. కుర్చీలో దిండు ఉంది, గలేబు మాసింది. కూర్చున్నాడు. చేతులు వాటంతటవే లివర్ల మీదికి పోయాయి, లివర్లు ఎటూ బిగుసుకోకుండా వదులుగా ఆడాయి. ఎదుట అద్దంలో ప్రహరీ గోడ, దాని మీద ఎవరో ఆరేసిన చొక్కా. కాళ్ల కింది అద్దంలో లారీ చెక్కలు.

ఒళ్లో వాకీటాకీ కరకరలాడింది. పది అడుగుల దూరంలో, వీపు తిప్పుకుని నిలబడి, కిందాయన మాట్లాడుతున్నాడు.

“కూర్చున్నావా?”

“కూర్చున్నా అన్నా.”

“అర నిమిషం పట్టింది” అన్నాడు కిందాయన, గడియారం చూసుకుంటూ. “బాగానే ఎక్కావు.”

తాళ్లు వచ్చాయి. డ్రైవరు హారన్ కొట్టాడు. పైనాయన దిండు దులిపి, చంకన పెట్టుకుని, మూడు మెట్లూ దిగాడు.